ఫేజ్ 3 అంటే తుఫాను ఖాయమేనా? ఎంజేఓ చార్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ప్రశ్న: "వాతావరణం గురించి రాసేవాళ్ళంతా 'ఎంజేఓ ఫేజ్ 3లోకి వచ్చేసింది, రెండు వారాల్లో తుఫాను పక్కా' అంటూ ఆ గుండ్రటి చార్టు పెడుతున్నారు. నేనూ చూశాను. ఐదు రోజుల క్రితం చుక్క ఫేజ్ 1 మధ్యలో ఉంది, ఇప్పుడు ఫేజ్ 3 చివర్లో ఉంది. ఇది చూసి తుఫాను చెప్పొచ్చా? ఎన్ని రోజుల ముందు నమ్మొచ్చు? కుండపోత వానలు కూడా దీనివల్లేనా?"

పక్కా అని చెప్పలేం. ఎంజేఓ అంటే భూమధ్యరేఖ వెంట తూర్పుకు నడిచే పెద్ద మేఘాల గుంపు, ఫేజ్ అంటే అది ఇప్పుడు ఎక్కడుందో చెప్పే అంకె. దాన్ని చూసి తుఫాను పుట్టడానికి అనువైన వారం ఏది, కాని వారం ఏది అన్నంత వరకు చెప్పొచ్చు. అది కూడా రెండు వారాల ముందు, బాగా కలిసొస్తే మూడు వారాల ముందు. ఫలానా చోట, ఫలానా రోజు అనే మాట ఐదారు రోజుల ముందు మామూలు కంప్యూటర్ వాతావరణ మోడళ్ళు చూసి చెప్పేదే, ఈ చార్టులోంచి రాదు. వానల సంగతి కొంచెం వేరు, దానికి తర్వాత వస్తాను. మీ చార్టు విషయానికొస్తే, ఆ ఐదు రోజుల లెక్కే నాకు అనుమానంగా ఉంది. అదెందుకో అర్థం కావాలంటే ముందు కొంత చెప్పాలి.

నేను సముద్రం మీద పనిచేసేవాళ్ళ కోసం రెండు మూడు వారాల ముందస్తు అంచనాలు రాసే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఈ చార్టు చూసి మెప్పు పొందిన రోజులున్నాయి, తల దించుకున్న రోజూ ఉంది.

ఎంజేఓ పూర్తి పేరు మాడెన్-జూలియన్ ఆసిలేషన్. అమెరికాలోని కొలరాడోలో పనిచేసే రోలండ్ మాడెన్, పాల్ జూలియన్ 1971లో దీన్ని బయటపెట్టారు. పసిఫిక్ మధ్యలో కాంటన్ అనే చిన్న దీవి మీద దాదాపు పదేళ్ళపాటు బెలూన్లతో కొలిచిన గాలుల లెక్కలు వాళ్ళ దగ్గరుండేవి. వాటిలో గాలి, పీడనం 40-50 రోజులకోసారి ఊగుతున్నట్టు కనిపించింది. ఆ ఊగు ఆ దీవి ఒక్కదానిది కాదని, భూమధ్యరేఖ పొడవునా తూర్పుకు కదులుతున్న ఒక పెద్ద వ్యవస్థ అని మరుసటి ఏడాది తేల్చారు. ఇప్పుడు 30 నుంచి 60 రోజులని మోటుగా చెప్పుకుంటాం.

కళ్ళకు కట్టేలా చెప్పాలంటే, కొన్ని వేల కిలోమీటర్ల వెడల్పున్న మేఘాల గుంపు హిందూ మహాసముద్రం పడమటి వైపు మొదలై, ఇండోనేషియా దీవుల మీదుగా పసిఫిక్ మధ్య దాకా నడుస్తుంది. దాని ముందూ వెనకా అంతే పెద్ద పొడి ప్రాంతాలుంటాయి. వేగం సెకనుకు సుమారు 5 మీటర్లు, అంటే రోజుకు 430 కిలోమీటర్లు, రేఖాంశాల్లో చెబితే రోజుకు నాలుగు డిగ్రీలు. ఈ నాలుగు డిగ్రీల లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. తూర్పు పసిఫిక్‌లో నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ మేఘాలు చచ్చిపోతాయి. పైగాలుల్లో మిగిలిన అల మాత్రం చాలా వేగంగా ప్రపంచం చుట్టేసి వస్తుంది.

తుఫానుకూ దీనికీ సంబంధం ఎక్కడుంది?

అంత పెద్ద మేఘాల గుంపు వానగా కురిసేటప్పుడు విడుదలయ్యే వేడి వల్ల కింది గాలి రెండు వైపుల నుంచీ లోపలికి లాగబడుతుంది. తూర్పు వైపు భూమధ్యరేఖ వెంట తూర్పు గాలులు వీస్తాయి. పడమటి వైపు, అంటే గుంపు వెనకాల, భూమధ్యరేఖ మీద పడమటి గాలులు జోరందుకుంటాయి. వాటికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి పెద్ద సుడులు తయారవుతాయి. ఉత్తరాన ఉన్నది గడియారం ముల్లుకు ఎదురుగా, దక్షిణాన ఉన్నది ముల్లుతో పాటు తిరుగుతుంది. ఆయా అర్ధగోళాల్లో తుఫాను తిరిగే దిశ కూడా అదే. అంటే తుఫాను విత్తనానికి కావలసిన తిప్పుడు ఎంజేఓ ముందే సిద్ధం చేసి పెడుతుంది.

రెండోది తేమ. మామూలుగా సముద్రం మీద రెండు మూడు కిలోమీటర్ల పైన గాలి పొడిగా ఉంటుంది. అక్కడికి ఎదిగిన మేఘం ఆ పొడిగాలిలో కరిగిపోతుంది. ఎంజేఓ వచ్చినప్పుడు ఆ మధ్య పొర కూడా తడుస్తుంది. తిప్పుడు, తేమ రెండింట్లో తేమదే పెద్ద వాటా అని నా అభిప్రాయం. దీన్ని విడదీసి లెక్కగట్టిన పరిశోధనలు కూడా అటే మొగ్గాయి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. తుఫాను ఎక్కువగా పుట్టేది మేఘాల గుంపు మధ్యలో కాదు, దాని వెనక అంచున. సుడులు ఉండేది అక్కడ కదా. పైగా భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల లోపల భూభ్రమణం ఇచ్చే తిప్పుడు చాలదు, తుఫాను దాదాపు పుట్టదు. గుంపు తూర్పుకు జరిగిపోయాక, వెనక మిగిలిన సుడి భూమధ్యరేఖకు కాస్త దూరం జరిగి, కొన్ని రోజులు తీసుకుని వాయుగుండం అవుతుంది. అందుకే ఉపగ్రహ చిత్రంలో మేఘం దట్టంగా ఉన్నప్పుడు అందరూ హడావిడి పడి, అది పలచబడగానే "ఇక ఏం లేదు" అని ఊపిరి పీల్చుకుంటారు. తుఫాను ఆ తర్వాతే వస్తుంది.

2015 మార్చి

నేను చూసినవాటిలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. ఆ నెల మొదట్లో పశ్చిమ పసిఫిక్ మీదికి చాలా బలమైన ఎంజేఓ వచ్చింది. దాని బలాన్ని కొలిచే సూచీ 1 దాటితే పట్టించుకుంటాం, 2 దాటితే గట్టిదంటాం. ఆ మార్చి మధ్యలో అది 4 దాటింది. 1974 నుంచి ఉన్న లెక్కల్లో అంత బలం అంతకు ముందు లేదు.

మేఘాల వెనక భూమధ్యరేఖ మీద పడమటి గాలులు విరుచుకుపడ్డాయి. వాటికి రెండు వైపులా సుడులు లేచాయి. దక్షిణాన సోలమన్ దీవుల దగ్గర పుట్టిన సుడి పామ్ తుఫాను అయింది. ఉత్తరాన మార్షల్ దీవుల వైపు పుట్టినది బావి అయింది. భూమధ్యరేఖను అద్దంలా మధ్యలో పెడితే ఇటు ఒకటి, అటు ఒకటి. వీటినే జంట తుఫాన్లు అంటాం. ఆ వారంలోనే ఆస్ట్రేలియా పడమటి తీరం దగ్గర ఓల్విన్, ఈశాన్యంలో కోరల్ సముద్రంలో నేథన్ కూడా ఉన్నాయి. ఒకే సమయంలో నాలుగు!

ఇప్పుడు తేడా చూడండి. పామ్ మార్చి 13న వనువాటు మీద విరుచుకుపడే సమయానికి గంటకు 250 కిలోమీటర్ల గాలులతో, ఐదో శ్రేణికి చేరిన రాకాసి తుఫాను. బావి మామూలు తుఫాను స్థాయి దాటకుండానే ఆగిపోయింది. ఎంజేఓ రెండు వైపులా తోపు ఇచ్చింది. కానీ మార్చిలో దక్షిణం వైపు వేసవి ముగింపు, నీళ్ళు బాగా వేడెక్కి ఉన్నాయి. ఉత్తరాన ఇంకా చలికాలం వాసన పోలేదు. ఎంజేఓ తలుపు తీస్తుంది, లోపల ఏముందన్నది ఆ సముద్రం, ఆ కాలం తేలుస్తాయి. తుఫాను కాలం కాని కాలంలో ఎంత గట్టి ఎంజేఓ వచ్చినా పెద్దగా ఏమీ జరగకపోవడానికి కారణం అదే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పడమటి గాలులు పశ్చిమ పసిఫిక్‌లోని వేడినీటిని తూర్పుకు నెట్టాయి. నీటి లోపల ఆ అల దక్షిణ అమెరికా తీరం చేరడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. ఆ ఏడాది తర్వాత వచ్చిన భారీ ఎల్ నినోకు ఊతమిచ్చిన వాటిలో ఇదొకటి. అయితే అప్పటికే పసిఫిక్ మధ్యలో నీళ్ళు వేడెక్కి ఉన్నాయి కాబట్టి మొత్తం ఘనత ఎంజేఓకే కట్టబెట్టడం సరికాదు. పామ్‌కు అంత బలం రావడంలోనూ ఆ వేడినీటి వాటా ఉంది.

మరి ఎన్ని రెట్లు పెరుగుతుంది?

ప్రాంతాన్ని బట్టి. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో అనుకూల దశకూ, ప్రతికూల దశకూ మధ్య తుఫాన్ల సంఖ్య సుమారు నాలుగు రెట్లు తేడా. మెక్సికో గల్ఫ్, పశ్చిమ కరేబియన్‌లోనూ దాదాపు అంతే అని 2000లో మలోనీ, హార్ట్‌మన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. నాలుగు రెట్లు అనగానే ఖాయం అనిపిస్తుంది. ఒక లెక్క వేసి చూడండి. ఏదో ఒక ప్రాంతంలో, ఏదో ఒక వారంలో తుఫాను పుట్టే అవకాశం సగటున నూటికి పది అనుకుందాం. మంచి దశలో అది పదహారు, చెడ్డ దశలో నాలుగు. నాలుగు రెట్ల తేడా వచ్చింది కదా. కానీ మంచి దశలో కూడా నూటికి ఎనభై నాలుగు సార్లు ఏమీ రాదు! "ఫేజ్ వచ్చింది, తుఫాను పక్కా" అని రాసేవాళ్ళు ఈ ఎనభై నాలుగును మరిచిపోతారు.

నా పనిలో నేను ఎక్కువ వాడుకున్నది నిజానికి చెడ్డ దశనే. "రాబోయే రెండు వారాల్లో వచ్చే అవకాశం బాగా తక్కువ" అన్న మాట సముద్రం మీద పని పెట్టుకున్నవాడికి ఎంతో విలువైనది. అది తప్పడం కూడా అరుదు.

గుండ్రటి చార్టు ఎలా మోసం చేస్తుందంటే

ఆ చార్టును వీలర్, హెండన్ అనే ఇద్దరు 2004లో తయారుచేశారు. భూమధ్యరేఖకు ఇటూ అటూ 15 డిగ్రీల వరకు మేఘాల లెక్క, కింది గాలి, పైగాలి ఈ మూడింటినీ కలిపి రెండు అంకెలుగా కుదించారు. ఆ రెండు అంకెలే చార్టులో అడ్డం, నిలువు. మధ్య వృత్తంలో చుక్క ఉంటే ఎంజేఓ బలహీనం. బయట ఉంటే అది ఉన్న ముక్కను బట్టి ఫేజ్: 2, 3 హిందూ మహాసముద్రం, 4, 5 ఇండోనేషియా దీవులు, 6, 7 పశ్చిమ పసిఫిక్, 8, 1 అమెరికా నుంచి ఆఫ్రికా వరకు.

ప్రపంచం చుట్టూ ఉన్న వాతావరణాన్నంతా రెండు అంకెల్లో ఇరికిస్తే ఏం జరుగుతుంది? ఎంజేఓ కానిది కూడా ఎంజేఓ వేషం వేసుకుని వస్తుంది. ఒక పెద్ద తుఫాను తన గాలులతో చుక్కను కాస్త జరపగలదు. అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది కెల్విన్ అల. అదీ మేఘాలతో తూర్పుకే పోతుంది. కానీ ఎంజేఓ కంటే మూడు రెట్ల వేగంతో, రోజుకు పది పన్నెండు డిగ్రీలు దాటేస్తుంది. అది వదిలి వెళ్ళే తేమ, తిప్పుడు రెండు మూడు రోజుల ముచ్చట. అది కూడా అప్పుడప్పుడు తుఫానుకు చివరి తోపు ఇస్తుంది గానీ, రెండు వారాల అంచనా దాని మీద కట్టలేం.

తేడా పట్టుకోవాలంటే చార్టు చాలదు, హోవ్‌మోలర్ పటం చూడాలి. అడ్డంగా రేఖాంశాలు, నిలువుగా తేదీలు వేసి, మేఘాల రంగులు నింపిన పటం అది. మేఘాల పట్టీ ఏటవాలుగా దిగుతుంది. స్కేలు పెట్టి కొలవండి: 40 డిగ్రీలు దాటడానికి పది రోజులు పడితే ఎంజేఓ, నాలుగు రోజుల్లో దాటేస్తే కెల్విన్ అల. నేను ఇప్పటికీ స్కేలే పెడతాను.

ఇక నేను తల దించుకున్న రోజు. ఈ పనిలో చేరిన కొత్తలో ఒకసారి చుక్క ఫేజ్ 4లో ఉంది, బలం 2 దగ్గర. మోడళ్ళన్నీ అది 5, 6 దాటి పోతుందని చూపించాయి. మూడో వారంలో పశ్చిమ పసిఫిక్‌లో తుఫాన్లకు అవకాశం బాగా పెరుగుతుందని గట్టిగా రాశాను. ఆ మాట నమ్మి ఒక సంస్థ తన ఓడ పనిని వెనక్కి జరుపుకుంది. చుక్క ఫేజ్ 5 మొదట్లోనే చతికిలపడి వృత్తంలోకి జారిపోయింది. మూడో వారంలో సముద్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఫోన్ చేసిన పెద్దాయన కోప్పడలేదు, "మీరు చెప్పిన తుఫాను ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని మాత్రం అడిగారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఇండోనేషియా దీవులు ఎంజేఓకు పెద్ద అడ్డంకి. సుమత్రా, న్యూగినీ కొండలు కింది గాలిని ఆపుతాయి. నేల మీద ప్రతి మధ్యాహ్నం లేచే ఉరుముల మేఘాలు తేమను తమవైపు లాగేస్తాయి. అక్కడికి చేరిన ఎంజేఓల్లో మూడో వంతు నుంచి సగం దాకా అవతలి ఒడ్డు చేరవు. మోడళ్ళ తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ.

దాటుతుందా, ఆగుతుందా అన్నది ముందే పసిగట్టడానికి నేను వాడే గుర్తు ఒకటుంది. హిందూ మహాసముద్రంలో మేఘాలు దట్టంగా ఉన్న రోజుల్లోనే పశ్చిమ పసిఫిక్ బాగా పొడిగా ఉందా అని చూస్తాను. వినడానికి తలకిందులుగా ఉంటుంది, ముందున్న దారి పొడిగా ఉంటే మేఘాలు ఎలా పోతాయి అని. కానీ ఆ పొడి ప్రాంతం తన పడమటి వైపు గాలులను మార్చి, దీవుల మీదికి తేమ చేరేలా చేస్తుంది. దాటిన ఎంజేఓలకు ముందు ఇలాంటి గట్టి పొడి ప్రాంతం కనిపిస్తుందని 2014లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. నేను తప్పు రాసిన రోజున పసిఫిక్ పొడిగానూ లేదు, తడిగానూ లేదు. ఎటూ కాని రంగు. ఇప్పుడైతే ఆ రంగు చూసి "బహుశా" అని రాసి ఊరుకునేవాణ్ణి.

వానల సంగతి

కుండపోతలకు ఎంజేఓ సంబంధం తుఫానుకంటే సూటిగా ఉంటుంది. ఎందుకంటే తుఫానుకు విత్తనం, కాలం, భూమధ్యరేఖ నుంచి దూరం అన్నీ కలవాలి, వానకు తేమ, పైకి లేచే గాలి చాలు. కానీ "ఎంజేఓ పది రోజులు ఉంటుంది కాబట్టి పది రోజుల వాన" అనుకుంటే పొరపాటే. 1988లో నకజావా అనే జపాన్ శాస్త్రవేత్త ఉపగ్రహ చిత్రాలు వరసగా పేర్చి చూస్తే ఒక విచిత్రం బయటపడింది. పెద్ద గుంపు తూర్పుకు నడుస్తుంటే, దాని లోపలి చిన్న గుంపులు పడమరకు నడుస్తున్నాయి! ఒక్కోటి ఒకటి రెండు రోజులు బతికి చచ్చిపోతుంది, తూర్పు వైపు కొత్తది పుడుతుంది. నేల మీద నిలబడినవాడికి ఇది ఒక రోజు కుమ్మేసి, ఒక రోజు తెరిపిచ్చి, మళ్ళీ కుమ్మేసినట్టు కనిపిస్తుంది. 2011 చివర్లో మాల్దీవుల దక్షిణాన ఉన్న గాన్ దీవిలో రాడార్లు పెట్టి ఎంజేఓను దగ్గర నుంచి కొలిచినప్పుడు కూడా ఇలా రెండేసి రోజుల వాన ముద్దలే కనబడ్డాయి. కాబట్టి మధ్యలో ఎండ కాసిందని ఎంజేఓ పోయిందనుకోవద్దు.

ఇంకో మెలిక, దీవుల మీద వాన పెద్ద గుంపు రాకముందే ముదురుతుంది. గుంపు మధ్యభాగం వచ్చేసరికి ఆకాశమంతా మబ్బు కమ్మి ఎండ తగలదు, నేల వేడెక్కదు, మధ్యాహ్నపు ఉరుముల మేఘాలు లేవవు. దానికి ఐదారు రోజుల ముందు ఎండా ఉంటుంది, తేమా ఉంటుంది. ఇండోనేషియా దీవుల్లో నేల మీద వానలు గుంపు కంటే ఒక ఫేజ్ ముందుగా పెరగడానికి కారణం ఇదే. కాబట్టి "ఈ ఫేజ్‌లో ఇక్కడ వాన" అనే పట్టికలను సముద్రానికీ నేలకూ ఒకేలా వాడకూడదు.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఈ చార్టును ఇంకాస్త దూరంగా పెట్టండి. ఆ నెలల్లో తూర్పు నడక బలహీనపడి, వాన పట్టీలు హిందూ మహాసముద్రం నుంచి ఉత్తరానికి, రోజుకు ఒక డిగ్రీ చొప్పున పాకడం మొదలెడతాయి. నైరుతి రుతుపవనాల్లో వాన ముమ్మరాలు, విరామాలు చాలావరకు ఈ ఉత్తరపు నడకవే. దానికి విడిగా వేరే సూచీలు ఉన్నాయి. గుండ్రటి చార్టులో చుక్క వృత్తం లోపల నిద్రపోతున్నా, వాన ముమ్మరం ఉత్తరానికి వస్తూనే ఉండొచ్చు.

ఇప్పుడు మీ చుక్క. పూర్తి చుట్టు 40-45 రోజులనుకుంటే ఎనిమిది ఫేజ్‌లకు ఒక్కోదానికి ఐదున్నర రోజులు. ఫేజ్ 1 మధ్య నుంచి 3 చివరికి అంటే రెండున్నర ఫేజ్‌లు, పదమూడు పద్నాలుగు రోజులు పట్టాల్సిన దూరం. మీరు ఐదు రోజులు అంటున్నారు. మూడు రెట్ల వేగం! నేనైతే దీన్ని కెల్విన్ అలగానే లెక్కగట్టి, రెండు వారాల తుఫాను మాట పక్కన పెడతాను. తేల్చుకోవాలంటే ఇంకో నాలుగైదు రోజులు ఆగి హోవ్‌మోలర్ పటం చూడండి. తొంభయ్యో రేఖాంశం దగ్గర, అంటే తూర్పు హిందూ మహాసముద్రంలో, మేఘాల పట్టీ ఇంకా నిలిచి నెమ్మదిగా కదులుతుంటే, భూమధ్యరేఖ మీద కిందిగాలి పడమటి నుంచి వీస్తుంటే, అలకు వెనక నిజమైన ఎంజేఓ ఉన్నట్టు. అప్పుడు ఆ పటం ఇక్కడ పెట్టండి, స్కేలు నేను పెడతాను.